‘లక్ష్మి’కి ఏడు మీటలు

వాట్సాప్ సందేశాల్లో, కొన్ని తెలుగు వెబ్ పేజీల్లో ‘లక్షి్మ’, ‘వచి్చంది’, ‘తగి్గంది’ లాంటి మాటలు తరచూ కంటపడుతుంటాయి. గుడి తొందరపడి ముందే వచ్చేస్తుంది, పొల్లు మధ్యలో వేలాడుతుంది, కిందికి దిగి వత్తు కావలసిన అక్షరం పక్కన నిలువుగా నిలబడిపోతుంది. చదివేవాళ్లు ఎలాగో సర్దుకుని చదివేస్తారు. ఫోన్‌కు మాత్రం అది వేరే మాట. ‘లక్షి్మ’ అని దాచుకున్న నంబరు, తర్వాత ‘లక్ష్మి’ అని వెతికితే దొరకదు.

ఇది తెలుగు రానివాళ్లు చేసే తప్పనుకుంటే పొరపాటే. కాగితం మీద ముత్యాల్లా రాసేవాళ్లే ఫోన్‌లో ఈ తప్పు ఎక్కువగా చేస్తారు. దానికి కారణముంది. ఆ కారణం ఒక్కటి పట్టుబడితే ఐఫోన్‌లో తెలుగు టైపింగ్ కష్టాల్లో చాలా భాగం తీరిపోతాయి. దాని సంగతి చూసే ముందు, కీబోర్డు ఇంకా పెట్టుకోనివాళ్ల కోసం ఆ పని ముగిద్దాం.

ఐఫోన్‌లో తెలుగు కీబోర్డు ముందుగానే ఉంటుంది. దేన్నీ డౌన్‌లోడ్ చేయక్కర్లేదు, చాలని చెప్పి తెరిస్తే చాలు. Settings తెరిచి General లోకి వెళ్లండి. అక్కడ Keyboard, దాని లోపల Keyboards కనిపిస్తాయి. అందులో Add New Keyboard నొక్కితే భాషల జాబితా వస్తుంది. పైనున్న వెతుకు గడిలో Telugu అని కొడితే వెంటనే దొరుకుతుంది. దాన్ని ఎంచుకుంటే, మీ ఫోన్‌లోని iOS వెర్షన్‌ను బట్టి ఒకటి కంటే ఎక్కువ లేఅవుట్లు చూపించవచ్చు. కావలసినది ఎంచుకుని Done నొక్కితే పని అయిపోయినట్టే. దీనివల్ల ఫోన్ మెనూలు తెలుగులోకి మారిపోవు, ఇంగ్లిష్ కీబోర్డు ఎక్కడికీ పోదు. పెద్దవాళ్ల ఫోన్‌లో పెట్టిస్తుంటే ఈ రెండు మాటలూ వాళ్లకు ముందే చెప్పండి. చాలామంది ఈ భయంతోనే వద్దంటారు.

తర్వాత మెసేజ్ రాసే చోటికి వెళ్తే కీబోర్డు కింది భాగంలో భూగోళం గుర్తు కనబడుతుంది. దాన్ని ఒకసారి తాకితే తరువాతి కీబోర్డు వస్తుంది. నొక్కి పట్టుకుంటే మీరు పెట్టుకున్న కీబోర్డులన్నీ వరుసగా కనిపిస్తాయి, వాటిలోంచి తెలుగును ఎంచుకోవచ్చు. ఇంగ్లిష్, తెలుగు, ఎమోజీ మూడూ ఉన్నవాళ్లకు నొక్కి పట్టుకునే పద్ధతే నయం, లేకపోతే ఒకదాని కోసం తాకుతూ మరోదానిలోకి వెళ్లిపోతుంటారు.

లేఅవుట్ల గురించి ఒక మాట. భారత ప్రభుత్వం ప్రమాణంగా తెచ్చిన ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో గుణింతపు గుర్తులు ఎడమ వైపు, హల్లులు కుడి వైపు ఉంటాయి. షిఫ్ట్ నొక్కితే గుణింతపు గుర్తు ఉన్నచోట దాని అచ్చు, ‘క’ ఉన్నచోట ‘ఖ’ వస్తాయి. కంప్యూటర్‌లో ఈ పద్ధతికి అలవాటు పడ్డవాళ్లు ఫోన్‌లోనూ అదే కోరుకుంటారు. బడిలో నేర్చుకున్న అ ఆ ఇ ఈ వరుసలోనే మీటలుండే లేఅవుట్ 2024లో iOS 18తో వచ్చింది. ఇంగ్లిష్ అక్షరాల్లో lakshmi అని కొడితే తెలుగులో ‘లక్ష్మి’ని సూచించే పద్ధతి ఇంకొకటి. ఏది ఎంచుకోవాలన్నది అలవాటు మీద ఆధారపడిన సంగతి. నన్నడిగితే మాత్రం, తెలుగు రోజూ రాయాలనుకునేవాళ్లు తెలుగు అక్షరాలున్న మీటలనే అలవాటు చేసుకోవాలి. ఇంగ్లిష్ అక్షరాల దారిలో ‘న’కూ ‘ణ’కూ, ‘ల’కూ ‘ళ’కూ తేడా ప్రతిసారీ సూచనల వరుసలో వెతుక్కోవాలి. తొందరలో ఉన్నప్పుడు మొదట కనిపించినదాన్నే తాకేస్తాం.

లేఅవుట్ ఏదైనా, మీటలు ఎక్కడున్నా, తెలుగు మీటలతో టైప్ చేసేవాళ్లకు ఒక నియమం మారదు. ఫోన్‌కు కావలసింది చెవికి వినిపించే వరుస. చెయ్యి రాసే వరుస దానికి పనికిరాదు.

తేడా ఎక్కడుందో ‘పిల్లి’ అనే మాటలో చూడండి. కాగితం మీద రెండో అక్షరాన్ని ఎలా రాస్తాం? ముందు ‘ల’ రాసి, దాని మీద గుడి పెట్టి ‘లి’ చేస్తాం. ఆ తర్వాత కింద లావత్తు ఇస్తాం. చేతి వరుస ల, గుడి, వత్తు. ఇప్పుడు అదే అక్షరాన్ని నెమ్మదిగా పలికి చూడండి. ముందు పొల్లుగా ‘ల్’ వినిపిస్తుంది, తర్వాత మరో ‘ల’, చిట్టచివర ‘ఇ’. గుడి కంటికి పైన మొదటి ‘ల’ మీద కనిపిస్తున్నా, ఆ ‘ఇ’ పలికేది రెండో ‘ల’తో కలిసే. ఫోన్ ఈ పలికే వరుసనే దాచుకుంటుంది. కాబట్టి నొక్కవలసినవి: ప, గుడి, ల, పొల్లు, ల, గుడి. మొత్తం ఆరు మీటలు. చేతి వరుసలో నొక్కితే ‘పిలి్ల’ అవుతుంది.

పొల్లు అంటే ‘క్’, ‘న్’ లాంటి అక్షరాల పైన కనిపించే గుర్తు. మీట మీద అది ఒంటరిగానో, చుక్కల వలయం మీదనో కనిపిస్తుంది. ఫోన్‌లో వత్తులకు విడిగా మీటలు లేవు, ఉండవలసిన అవసరమూ లేదు. ఏ వత్తునైనా పొల్లే తయారుచేస్తుంది. ఒక హల్లు, పొల్లు, మరో హల్లు వరుసగా పడగానే రెండోది తనంతట తానే కిందికి దిగి వత్తుగా మారిపోతుంది. ‘అమ్మ’కు అ, మ, పొల్లు, మ. మూడో మీట నొక్కినప్పుడు తెర మీద ‘అమ్’ అని కనబడుతుంది. అక్కడ తప్పు పడిందేమోనని వెనక్కి చెరిపేసేవాళ్లు చాలామంది. కంగారు పడకుండా తరువాతి ‘మ’ నొక్కండి, సరిగ్గా ‘అమ్మ’ వచ్చేస్తుంది.

ఇప్పుడు ‘లక్ష్మి’కి వద్దాం. ముందుగా ‘క్ష’ కోసం మీట వెతుక్కోవద్దు. కొన్ని లేఅవుట్లలో దానికి విడి మీట ఉన్నా, నొక్కినప్పుడు లోపల పడేవి క, పొల్లు, ష అనే మూడే. ‘లక్ష్మి’ని పలికితే వినిపించేది ‘ల’, తర్వాత ‘క్’, ‘ష్’, ‘మి’. అదే వరుసలో నొక్కండి: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. ఏడు మీటలు. ‘మ’ పడగానే తెర మీద ‘లక్ష్మ’ కనిపిస్తుంది. చివర గుడి నొక్కితే అది ఎగిరి వెళ్లి పైనున్న ‘క’ మీద కూర్చుంటుంది. అలా సరైన చోట కూర్చోబెట్టడం ఫాంట్ చూసుకునే పని. మనం దాన్ని చేత్తో చేయబోతేనే ‘లక్షి్మ’ తయారవుతుంది.

వెబ్ పేజీల్లో కనిపించే ‘వచి్చంది’, ‘తగి్గంది’లకు వెనుక కథ కూడా ఇదే. యూనికోడ్ వాడుక పెరగక ముందు తెలుగు డీటీపీ అంతా అను లాంటి ఫాంట్లలో జరిగేది. వాటిలో ఒక్కో ఆకారానికి ఒక్కో మీట. ‘చి’ ఒక ఆకారం, చావత్తు మరో ఆకారం. కంటికి కనబడే వరుసలో పేర్చుకుంటూ పోతే అచ్చులో అందంగా వచ్చేది. ఆ పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చే ప్రోగ్రాం ఆకారాల వరుసను పలికే వరుసలోకి తిప్పకపోతే గుడి ముందు, వత్తు వెనుక మిగిలిపోతాయి. అలాంటి పేజీ నుంచి ఒక ముక్క కాపీ చేసి మీ సందేశంలో అతికిస్తే తప్పు కూడా దానితో పాటే వస్తుంది. కాబట్టి అతికించిన తెలుగును పంపే ముందు ఒకసారి చూసుకోవడం మంచిది.

మూడు హల్లులు కలిసిన అక్షరాలకూ ఇదే లెక్క. ‘స్త్రీ’కి స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. ‘రాష్ట్రం’కి ర, దీర్ఘం, ష, పొల్లు, ట, పొల్లు, ర, సున్న. ఎన్ని హల్లులు కలిసినా హల్లుకీ హల్లుకీ మధ్య ఒక్కో పొల్లు, గుణింతపు గుర్తు అన్నిటికంటే చివర, సున్న గానీ విసర్గ గానీ ఉంటే దానికి కూడా తర్వాత. పండగ పూట అందరూ పంపే ‘శుభాకాంక్షలు’ను సాధనకు తీసుకోవచ్చు. శ, కొమ్ము, భ, దీర్ఘం, క, దీర్ఘం, సున్న, క, పొల్లు, ష, ల, కొమ్ము. ఈ పన్నెండు మీటలూ చూడకుండా నొక్కగలిగిన రోజు మీకు ఈ కీబోర్డు వచ్చేసినట్టే.

గుణింతంలో కొత్తవాళ్లు చేసే మరో పొరపాటు, గుర్తుకు బదులు అచ్చునే నొక్కడం. ‘క’ తర్వాత ‘ఆ’ నొక్కితే ‘కఆ’ అని రెండక్షరాలు పడతాయే తప్ప ‘కా’ రాదు. మాట మొదట్లో వచ్చేది అచ్చు, హల్లును అంటుకుని వచ్చేది గుర్తు. ఇది పడగానే కనిపించిపోతుంది కాబట్టి పెద్ద ప్రమాదం లేదు. అసలు ప్రమాదం కంటికి కనిపించని తప్పులతో.

అలాంటివాటిలో అన్నిటికంటే ఎక్కువగా ప్రచారంలో ఉన్నది ‘మొ’. తెలుగులో ఒత్వం చాలా హల్లులకు తల మీదే వస్తుంది: కొ, తొ, పొ. కానీ ఘ, ఝ, మ, య అనే అక్షరాలకు సంప్రదాయం వేరు. వీటికి ఎత్వం పెట్టి, పక్కన కొమ్ము లాగి ఒత్వం చేస్తాం. చేత్తో ‘మొ’ రాసేటప్పుడు మనం రాసేది నిజంగానే ‘మె’ రాసి కొమ్ము ఇవ్వడం. ఆ అలవాటుతో ఫోన్‌లోనూ మ, ఎత్వం, కొమ్ము నొక్కేస్తారు. తెర మీద పడేది ‘మెు’. చిన్న అక్షరాల్లో ఎవరూ తేడా పట్టలేరు. ‘మెుదలు’, ‘మెుత్తం’, ‘యెుక్క’ ఇలా పుట్టినవే. వీటిని వేలసార్లు చూసి ఉంటారు, తప్పని తోచి ఉండదు. కానీ యూనికోడ్‌లో ఒత్వానికి తనదైన సంకేతం ఒకటుంది. ఎత్వం, కొమ్ము కలిపితే అది ఒత్వంతో సమానం కాదు. ‘మొత్తం’ అని వెతికేవాళ్లకు ‘మెుత్తం’ ఉన్న సందేశం కనబడదు.

మీరు రాసింది ఏదో తేల్చుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. ‘మొ’ పక్కన కర్సర్ పెట్టి చెరిపే మీటను ఒక్కసారి తాకండి. ‘మ’ మిగిలితే మీరు సరిగ్గానే రాశారు, ఎందుకంటే ఒత్వం ఒక్క దెబ్బకు చెరిగిపోయింది. ‘మె’ మిగిలితే అక్కడ రెండు గుర్తులున్నాయన్నమాట. మామూలుగా ఐఫోన్‌లో కర్సర్ కూడిన అక్షరం మధ్యలోకి వెళ్లదు, దాని అటో ఇటో ఆగుతుంది. చెరిపేటప్పుడు మాత్రం చివరి నుంచి ఒక్కో గుర్తూ విడిగా పోతుంది. ఈ గుణం దిద్దుబాటుకు ఎంతో ఉపయోగం. ‘స్త్రీ’లో గుడిదీర్ఘం బదులు గుడి పడితే మాటంతా చెరిపెయ్యకుండా, పక్కన కర్సర్ పెట్టి ఒక్క తాకుతో గుడి తీసి గుడిదీర్ఘం పెట్టుకోవచ్చు. అదే తప్పు మధ్య హల్లులో ఉంటే అక్కడి దాకా ఒక్కొక్కటే వెనక్కి రావాలి, మరో దారి లేదు.

వట్రసుడి, క్రావడి మధ్య తికమక కూడా ఇలాంటిదే. ‘కృష్ణ’లో ఉన్నది వట్రసుడి, అది ఒక గుణింతపు గుర్తు. క, వట్రసుడి, ష, పొల్లు, ణ. దాని మీట దొరక్క చాలామంది క, పొల్లు, ర, కొమ్ము నొక్కి ‘క్రుష్ణ’ చేస్తారు. పలకడంలో దగ్గరగా ఉన్నా రాతలో అది తప్పు. మొదటి తెర మీద వట్రసుడి కనిపించకపోతే షిఫ్ట్ నొక్కి చూడండి, ‘ఋ’ ఉన్న మీట దగ్గర్లో వెతకండి. కృప, వృక్షం, మృదువు, గృహం, సృష్టి, హృదయం అనే మాటలన్నీ దానితోనే రాయాలి.

సున్న విషయంలో మూడు గుండ్రాలున్నాయి. అక్షరాన్ని అంటుకునే సున్న, తెలుగు అంకె సున్న, ఇంగ్లిష్ అంకె సున్న. మొదటి రెండూ కవల పిల్లల్లా ఉంటాయి. అంకెల తెర మీదకు వెళ్లి ‘౦’ తెచ్చి ‘అ౦దరూ’ అని రాస్తే ఎవరికీ అనుమానం రాదు, వెతుకులాటకు మాత్రం ఆ మాట ఎప్పటికీ దొరకదు. హల్లుల తెర మీదున్న సున్ననే వాడాలి.

పొల్లు వత్తును చేస్తుందని చెప్పుకున్నాం. మనకు వత్తు వద్దనుకునే చోట అదే చిక్కు. ‘ఫేస్’ తర్వాత ‘బుక్’ రాస్తే ‘ఫేస్బుక్’ అవుతుంది. ‘రాజ్’ పక్కన ‘కుమార్’ పడితే ‘రాజ్కుమార్’ అవుతుంది. పొల్లును పొల్లుగానే ఉంచడానికి యూనికోడ్‌లో కనిపించని అక్షరం ఒకటుంది, దాని పని ‘ఇక్కడ కలపవద్దు’ అని చెప్పడమే. పొల్లు తర్వాత అది ఉంటే ‘రాజ్‌కుమార్’ సరిగ్గా వస్తుంది. మీ లేఅవుట్‌లో అది దొరక్కపోతే రెండు దారులున్నాయి. మధ్యలో ఖాళీ వదిలి ‘రాజ్ కుమార్’ అనడం ఒకటి. తరచూ రాసే మాటైతే రెండోది మేలు. సరిగ్గా ఉన్న చోటు నుంచి ఆ మాటను కాపీ చేసుకోండి. Settings, General, Keyboard దారిలోనే Text Replacement ఉంటుంది. అందులో Phrase దగ్గర ఆ మాట అతికించి, Shortcut దగ్గర రెండు మూడు అక్షరాల గుర్తు పెట్టుకోండి. తర్వాత ఆ గుర్తు కొడితే మాట మొత్తం పడుతుంది.

ఈ కనిపించని అక్షరం ఒకసారి ప్రపంచమంతా వార్తలకెక్కింది. 2018 ఫిబ్రవరిలో, iOS 11.2.5 నడుస్తున్న ఐఫోన్లకు ఒక తెలుగు అక్షరం ఉన్న సందేశం వస్తే, దాన్ని చూపించబోయిన యాప్ మూతపడిపోయేది. ఆ అక్షరం ‘జ్ఞా’. ‘తెలుగు అక్షరంతో ఐఫోన్ కుదేలు’ అన్నట్టు చెప్పుకున్నారు గానీ, ‘జ్ఞానం’ అని మామూలుగా రాసేవాళ్లకు ఏమీ కాలేదు. జ, పొల్లు, ఞ, దీర్ఘం వరుసగా ఉంటే ఫోన్ చక్కగానే చూపించింది. ఞ తర్వాత, దీర్ఘానికి ముందు ఆ కనిపించని అక్షరం దూరితేనే చిక్కు వచ్చేది. ఆ ఐదింటి వరుసను తెర మీద గీయడం ఫోన్‌లోని ప్రోగ్రాంకు తెలియలేదు. ఆపిల్ ఫిబ్రవరి 19న iOS 11.2.6 విడుదల చేసి దాన్ని సరిచేసింది. తప్పు మన లిపిలో లేదు, లిపిని గీసే ప్రోగ్రాంలో ఉంది. ‘జ్ఞ’ రాయడానికి ఇప్పుడు ఎవరూ జంకనక్కర్లేదు. జ, పొల్లు, ఞ అన్న వరుస గుర్తుంచుకుంటే చాలు. ‘గ్య’, ‘గ్న’ అని పలికే అలవాటున్నవాళ్లు గ మీట వైపు వెళ్లకూడదు. చెవి వరుసను నమ్మమన్న నియమానికి ఇదొక మినహాయింపు. ఇక్కడ పలుకుబడి మారింది, రాత మారలేదు.

కీబోర్డు నేర్చుకున్నాక కొత్తగా రాసేవన్నీ సరిగ్గానే వస్తాయి, పాతవి మాత్రం వాటంతట అవి మారవు. ఫోన్‌లో ఇదివరకే తెలుగులో దాచుకున్న పేర్లుంటే కాంటాక్ట్స్ తెరిచి ఒక్కో పేరునూ సరైన వరుసలో నొక్కి వెతకండి. దొరకని పేర్లను చెరిపి మళ్లీ టైప్ చేయండి. లక్ష్మి, కృష్ణ, మోహన్, జ్ఞానేశ్వరి, సత్యనారాయణ లాంటి పేర్లతో మొదలుపెడితే తప్పులు త్వరగా బయటపడతాయి.